15 సెకన్ల డిటర్జెంట్ యాడ్‌లో ‘అజిటేషన్’కు ఎన్ని సెకన్లు?

ప్రశ్న: మరకలు పోగొట్టే ఒక లిక్విడ్ డిటర్జెంట్‌కు 15 సెకన్ల యాడ్ రాస్తున్నాను. ప్రాబ్లమ్, అజిటేషన్, సొల్యూషన్ పద్ధతిలో, అంటే సమస్య చూపించి, దాన్ని ఇంకాస్త రగిలించి, ఆపైన పరిష్కారం చెప్పేలా రాయమన్నారు. చొక్కా మీద నూనె మరక, ఆఫీసులో తోటివాళ్లు నవ్వడం, పైఅధికారి ముఖం చిట్లించడం, ఇంటికొస్తే భార్య విసుక్కోవడం, తర్వాత మా లిక్విడ్‌తో ఉతికితే తళతళ. గట్టిగా చదివితే 24 సెకన్లు వస్తోంది. అజిటేషన్ తీసేస్తే 15లో సరిపోతుంది కానీ చప్పగా ఉంది. ఏ భాగానికి ఎన్ని సెకన్లు ఇవ్వాలి?

జవాబు:

ముందు అంకెలు చెప్పేస్తాను. సమస్యకు 3 సెకన్లు, అజిటేషన్‌కు 4, పరిష్కారానికి 5.5, చివర సీసానూ బ్రాండు పేరునూ చూపే ప్యాక్ షాటుకు 2.5. అజిటేషన్‌ను తీసేయకండి. అందులో ఉన్న మనుషులను తీసేయండి. నవ్వే తోటివాళ్లు, చిట్లించే అధికారి, విసుక్కునే భార్య, ఈ ముగ్గురూ వచ్చాక తెరమీద మరక ఎక్కడుంది? చూసేవాళ్లు ముఖాలు చూస్తుంటారు. మీరు అమ్మేది ముఖాలను మార్చే వస్తువు కాదు కదా.

ఈ పద్ధతి ఉత్తరాల ద్వారా వస్తువులు అమ్మేవాళ్ల దగ్గర బాగా పండింది. నాలుగు పేజీల ఉత్తరంలో మొదటి పేరాలో బాధ గుర్తుచేస్తారు, తర్వాతి పేజీన్నర ఆ పుండు మీద కారం చల్లుతారు, ఆపైన మందు చూపిస్తారు. చదివే మనిషికి తీరిక ఉంటుంది కాబట్టి కారం గుప్పెడు చల్లినా చెల్లుతుంది. 15 సెకన్లలో చిటికెడు మాత్రమే పడుతుంది. ఆ చిటికెడు ఎక్కడ పడాలన్నదే అసలు పని.

నేను నేర్చుకున్న లెక్క ఇది. అజిటేషన్ అంటే పరిష్కారానికి ముందుగా ఇచ్చే ప్రశ్నపత్రం. మీరు నాలుగు సెకన్లలో ఏ ప్రశ్న అడుగుతారో, తర్వాతి అయిదున్నర సెకన్లలో వస్తువు సరిగ్గా దానికే జవాబు చెప్పాలి. మీ స్క్రిప్టులో అజిటేషన్ అడిగిన ప్రశ్న “నలుగురిలో పరువు పోతే ఎలా?” మీ లిక్విడ్ చెప్పిన జవాబు “చొక్కా తళతళలాడుతుంది.” రెండూ ఒకదానికొకటి తగలడం లేదు. అందుకే అది ఉంటే సాగదీసినట్టు, తీస్తే చప్పగా అనిపిస్తోంది. పరువు ప్రశ్నకు సెంటు సీసా కూడా జవాబు చెప్పగలదు, బూట్ల పాలిష్ కూడా చెప్పగలదు. మీ అజిటేషన్‌ను ఎత్తుకెళ్లి ఇంకో వస్తువు యాడ్‌లో పెట్టినా అతుకుతుందంటే అది మీది కానట్టే.

మరి నూనె మరక విషయంలో లిక్విడ్ మాత్రమే జవాబు చెప్పగల ప్రశ్న ఏమిటి? నాకు అది రాతబల్ల దగ్గర దొరకలేదు. కొన్నేళ్ల కిందట ఇలాంటి పని మీదే ఒక డిటర్జెంట్ కంపెనీ ప్రయోగశాలలో ఒక పూట కూర్చున్నాను. అక్కడి కెమిస్టు నూనె పడిన లేతనీలం కాటన్ ముక్కను నీళ్లలో ముంచి, మామూలు సబ్బుతో నాలుగుసార్లు రుద్ది నా చేతికిచ్చారు. మరక లేదు. “పోయిందండీ” అన్నాను. ఆయన నవ్వి, ముక్కను ఫ్యాను కింద పెట్టి, టీ తాగి వద్దాం రమ్మన్నారు. తిరిగి వచ్చేసరికి మరక ఉన్నచోటే ఉంది. పైగా అంచులు కాస్త విస్తరించాయి.

కారణం చాలా సులువు. గుడ్డ పొడిగా ఉన్నప్పుడు దారాల మధ్య గాలి ఉంటుంది, వెలుతురు చెదిరి గుడ్డ లేతగా కనిపిస్తుంది. నూనె పడినచోట ఆ సందులు నిండిపోతాయి కాబట్టి ఆ మేర ముదురుగా కనిపిస్తుంది. మొత్తం గుడ్డను తడిపితే నీళ్లు కూడా అదే పని చేస్తాయి, చొక్కా అంతా ముదురుగా మారుతుంది, నూనె మచ్చ అందులో కలిసిపోతుంది. ఆరుతున్న కొద్దీ నీళ్లు పోతాయి, నూనె ఉండిపోతుంది. అంటే మరక తిరిగి రాలేదు, అసలు వెళ్లనే లేదు. ఒక్కసారైనా నూనె పడిన చొక్కా ఉతికిన ప్రతి మనిషికీ ఈ మోసం అనుభవమే, కాకపోతే ఎవరూ దానికి పేరు పెట్టుకోలేదు. దాన్ని తెరమీద చూపిస్తే “అవును, నాకూ అంతే” అనుకోవడానికి ఒక్క సెకను చాలు. ఇతరులు నవ్వడం కన్నా ఇది ఎక్కువ కుదుపుతుంది, ఎందుకంటే ఇక్కడ ఓడిపోయింది చూసేవాళ్ల సొంత కష్టం.

ఆ పూట తర్వాత రాసిన స్క్రిప్టు, సెకన్లతో సహా, ఇలా ఉంది. బ్రాండు పేరు తీసేశాను.

0–3, సమస్య. లేతనీలం చొక్కా, జేబు కింద, బాగా దగ్గరగా. నూనె చుక్క పడుతుంది, చూస్తుండగానే గుండ్రంగా పాకుతుంది. మాటలు లేవు. చుక్క పడిన శబ్దం, వెనకనుంచి ఒక “అయ్యో”.

3–7, అజిటేషన్. అదే చోటు, అదే దూరం. తడి చొక్కా మీద వేళ్లు రుద్దడం ఆపుతాయి, మచ్చ లేదు. కట్. అదే చొక్కా ఆరి, ఇస్త్రీ బల్ల మీద. ఇస్త్రీపెట్టె జేబు దాకా జరిగి ఆగిపోతుంది. మచ్చ ఉంది. గొంతు: “తడిలో పోయింది. ఆరాక, మళ్లీ వచ్చింది.”

7–12.5, పరిష్కారం. సీసా మూతితో లిక్విడ్ మచ్చ మీద పడుతుంది. వేలు గుండ్రంగా రాస్తుంది. ఉతుకు ఒక్క క్షణం. ఆ తర్వాత ఆరిన చొక్కా, అదే ఇస్త్రీ బల్ల. ఈసారి ఇస్త్రీపెట్టె ఆగకుండా జేబు మీదుగా సాగిపోతుంది. గొంతు: “నూనె మరక మీద నేరుగా రాయండి. పావుగంట ఆగి ఉతకండి. ఆరాక చూడండి.”

12.5–15, ప్యాక్. మడిచిన చొక్కా, పక్కన సీసా. గొంతు: బ్రాండు పేరు, “పోయిందంటే పోయినట్టే.”

ఇందులో గమనించవలసింది ఇస్త్రీపెట్టె. అజిటేషన్‌లో అది ఎక్కడ ఆగిందో, పరిష్కారంలో సరిగ్గా అక్కడే ఆగకుండా వెళ్లింది. ప్రశ్న అడిగిన చోటే జవాబు దొరికింది కాబట్టి “అద్భుతం”, “తళతళ” లాంటి మాటలు అక్కర్లేకపోయాయి. మొదటి ముసాయిదాలో నేను పరిష్కారాన్ని తడి చొక్కాతోనే ముగించాను, నీళ్లలోంచి పైకి తీస్తూ, ఎదురువెలుతురులో చుక్కలు రాలుతూ. చాలా అందంగా ఉంటుందని నా నమ్మకం. ఎడిటర్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: “తడిలో నమ్మొద్దని మీరే కదండీ చెప్పారు?” నిజమే, నా ప్రశ్నపత్రాన్ని నేనే మరిచిపోయాను. పరిష్కారం ఆరిన గుడ్డ మీదే కనిపించాలి.

ఇస్త్రీపెట్టె విషయంలో ఇంకో సంగతి. చిత్రీకరణలో దాన్ని మచ్చకు తగలనివ్వలేదు, రెండంగుళాల ముందే ఆపాం. నూనె మరక మీద వేడి తగిలితే అది దారాలకు మరింత గట్టిగా పట్టుకుంటుంది. యాడ్‌లో ఆ తప్పు చూపిస్తే చూసేవాళ్లు కూడా అదే చేస్తారు, ఆపైన మన లిక్విడ్ పనిచేయలేదని తిడతారు.

ఇక మీ 24 సెకన్ల గొడవ. మాటలు లెక్కపెట్టి నిడివి అంచనా వేయమని చాలాచోట్ల చెబుతారు, తెలుగులో అది పనికిరాదు. “ఆగి” ఒక మాటే, “పోయినట్టనిపించినప్పటికీ” కూడా ఒక మాటే. నేను అక్షరాలు లెక్కపెడతాను. తొందర లేకుండా, అర్థమయ్యేలా చదివితే సెకనుకు అయిదు, మహా అయితే ఆరు అక్షరాలు. పైన రాసినదాంట్లో అజిటేషన్ వాక్యం 14 అక్షరాలు, పరిష్కారం 29, చివరిది 8, బ్రాండు పేరు మూడక్షరాలనుకుంటే 11. మొత్తం 54. అందులో మొదటి మూడు సెకన్లు మాటే లేదు. మీ స్క్రిప్టు మొత్తం 60 దాటితే గొంతు ఇచ్చే ఆయన పరుగెత్తాలి. ఆయన పరుగెత్తుతున్నట్టు వినేవాళ్లకు తెలిసిపోతుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని మీరే చదివి సరిపోయిందనుకోకండి. రాసినవాడు తన వాక్యాన్ని ఎప్పుడూ వేగంగానే చదువుతాడు. మీ స్క్రిప్టు ముందెన్నడూ చూడని మనిషితో చదివించండి.

మొదటి మూడు సెకన్లలో మాటలు వద్దనడానికి కారణం, చుక్క పడటం కన్ను చెప్పేస్తుంది. “మీ చొక్కా మీద నూనె మరక పడిందా?” అని గొంతు అడిగితే కన్ను ఇప్పటికే చూసినదాన్ని చెవికి మళ్లీ చెప్పినట్టు అవుతుంది, పదమూడు అక్షరాలు వృథా. అజిటేషన్‌లో మాత్రం మాట కావాలి. తడి చొక్కాకూ ఆరిన చొక్కాకూ మధ్య కాలం గడిచిందని బొమ్మ ఒక్కటే చెప్పలేదు. “ఆరాక” అన్న ఆ మూడక్షరాలు ఆ పని చేస్తాయి. దాని తర్వాత కామా చూశారు కదా, అక్కడ అర సెకను ఖాళీ. మచ్చ ఆ ఖాళీలోనే కనిపించాలి, “మళ్లీ వచ్చింది” అన్నది ఆ తర్వాతే రావాలి. ఎడిటింగులో ఇది రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ అయినా దెబ్బ తగ్గిపోతుంది.

(కంపెనీ సాంకేతిక బృందంతో కూర్చున్నప్పుడు ఒక జాగ్రత్త. వాళ్ల భాషలో అజిటేషన్ అంటే మెషిన్ తొట్టిలో బట్టలను గిరగిరా కలియతిప్పడం. “అజిటేషన్ నాలుగు సెకన్లు” అని నేనంటే ఒకాయన “అంత తక్కువైతే మురికి వదలదండీ” అని నిజంగానే కంగారుపడ్డారు.)

ఇప్పుడు ఎక్కువసార్లు జరిగే పొరపాటు. అజిటేషన్ రాయడం సరదాగా ఉంటుంది, అందుకే పెరిగిపోతుంది. నా తొలి రోజుల్లో ఇలాంటి యాడ్‌లోనే దానికి ఏడు సెకన్లు ఇచ్చాను. నటి బాగా చేసింది, గదిలో కూర్చున్న మాకందరికీ నచ్చింది. ప్రసారం తర్వాత కొంతమందిని పిలిచి అడిగితే కథ మొత్తం పూసగుచ్చినట్టు చెప్పారు. “ఏ డిటర్జెంట్?” అంటే ఎక్కువమంది మా పోటీదారు పేరు చెప్పారు, ఆ రంగంలో అందరికీ ముందుగా గుర్తొచ్చే పెద్ద పేరు. అంటే మేం డబ్బు పెట్టి బాధను గుర్తుచేశాం, మందు వాళ్లది అమ్ముడుపోయింది. పేరు లేని, కొత్తగా వచ్చిన బ్రాండుకు పొడవాటి అజిటేషన్ మరీ ప్రమాదం. దీన్ని ముందే పట్టుకోవచ్చు. పైపైన కూర్చిన తొలి ఎడిట్‌ను ఆ పనితో సంబంధం లేని అయిదారుగురికి ఒక్కసారి చూపించి, “ఏం జరిగింది?” అని మాత్రం అడగండి. వాళ్ల జవాబులో సగానికన్నా ఎక్కువ మరక గురించే ఉండి, సీసా చివర్లో ఎక్కడో వస్తే, అజిటేషన్‌లోంచి ఒక సెకను కోసేయండి.

రెండో పొరపాటు సిగ్గుపరచడం. మీ స్క్రిప్టులో అది మూడుసార్లు ఉంది. ఇది పనిచేయదని నేననను. 1968లో అమెరికాలో విస్క్ అనే లిక్విడ్ డిటర్జెంట్ కాలర్ చుట్టూ పట్టే మురికి వలయం మీద ప్రచారం మొదలుపెట్టింది. భర్త కాలర్ మురికి చూసి నలుగురూ ఎత్తిపొడుస్తారు, భార్య తలదించుకుంటుంది. అది ఏళ్ల తరబడి నడిచింది, సరుకూ అమ్ముడుపోయింది. దాంతోపాటు ఆడవాళ్లను అవమానిస్తోందన్న తిట్లూ తిన్నది. ఆయన మెడ ఆయన కడుక్కోవచ్చు కదా అన్న ఎదురుప్రశ్న కూడా అప్పటిదే. అయితే ఒకటి గమనించండి. అక్కడ అవమానంలో కూడా వేలు కాలర్ వలయాన్నే చూపిస్తోంది, వస్తువు ఆ వలయాన్నే పోగొడుతోంది. ప్రశ్నా జవాబూ తగులుతున్నాయి. మీరు వాళ్ల దగ్గర నేర్చుకోదలిస్తే అది నేర్చుకోండి, భార్య తలదించుకోవడం కాదు. 15 సెకన్లలో సిగ్గు చూపిస్తే ఇంకో నష్టం కూడా ఉంది. సిగ్గు అర్థం కావాలంటే ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియాలి, అది తెలియడానికే రెండు సెకన్లు పోతాయి.

ఇక పరిష్కారం నిజంగా నిలబడుతుందా అన్న సంగతి. అజిటేషన్ ఎంత పదునుగా ఉంటే మీ మాట అంత కట్టుబాటు అవుతుంది. “ఆరాక చూడండి” అన్నాక ఆరాక మచ్చ మిగిలితే తప్పించుకునే దారి లేదు. అందుకే స్క్రిప్టు ఖాయం చేసేముందు ఆ మరకను ఆ లిక్విడ్‌తో మీ చేతులతో ఉతకండి. డిటర్జెంట్‌లో నూనెను పట్టుకునే అణువులకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, ఇంకో కొస జిడ్డును పట్టుకుంటుంది. జిడ్డును చిన్న చిన్న తుంపరలుగా చుట్టుముట్టి నీళ్లలోకి లాగుతాయి. లైపేజ్ అనే ఎంజైము ఉన్న లిక్విడ్ అయితే కొవ్వును విడగొడుతుంది కూడా, కానీ ఎంజైముకు సమయం కావాలి. నా స్క్రిప్టులో “పావుగంట ఆగి” అన్నది అలంకారం కాదు, ఆ కెమిస్టు పెట్టిన షరతు. క్లయింటు ఆ రెండు మాటలూ తీసేయమన్నారు, ఆగమంటే జనం కొనరని. నేను పట్టుబట్టాను. వాళ్లు ఆగకుండా ఉతికి, మచ్చ మిగిలితే, ఇస్త్రీ బల్ల దగ్గర మా యాడే గుర్తొస్తుంది, తప్పుడు వైపునుంచి.

గుడ్డ కూడా చూసుకోవాలి. పాలిస్టర్ నూనెను కాటన్‌కన్నా మొండిగా పట్టుకుంటుంది. కాటన్ మీద పరీక్షించి, చిత్రీకరణలో మెరుపు కోసం పాలిస్టర్ చొక్కా తొడిగితే మీరు చూపించేది మీరు పరీక్షించినది కాదు. రంగు విషయానికొస్తే తెల్లచొక్కా వద్దు. నూనె గుడ్డను ముదురు చేస్తుంది కాబట్టి లేతనీలం, లేతబూడిద రంగుల మీద బాగా తెలుస్తుంది. తెలుపు మీద దీపాల వెలుగులో దాదాపు మాయమవుతుంది, అప్పుడు ఎవరో ఒకరు నూనెలో కాస్త రంగు కలుపుదామంటారు. అక్కడే ఆగండి.

కలిపితే ఏమవుతుందో ఒక పాత కేసు చెబుతుంది. రాపిడ్ షేవ్ అనే గడ్డం క్రీము యాడ్‌లో గరుకు కాగితం మీద క్రీము రాసి, వెంటనే బ్లేడుతో ఇసుకంతా నున్నగా గీసేసినట్టు చూపించారు. నిజానికి అది కాగితం కాదు, ఇసుక చల్లిన ప్లాస్టిక్ పలక. నిజమైన గరుకు కాగితం అయితే 80 నిమిషాలు నానాలి. 1965లో అమెరికా సుప్రీంకోర్టు ఆ ప్రదర్శనను మోసపూరితమని తేల్చింది. అందుకే మా చిత్రీకరణలో ఒకే థానులోంచి కుట్టించిన ఎనిమిది చొక్కాలు తెచ్చాం. “తర్వాత” షాటులో కనిపించేది నిజంగా నూనె పడి, ఆ లిక్విడ్‌తోనే ఉతికిన చొక్కా, కొత్త చొక్కా కాదు. ఏది ఎప్పుడు ఉతికామో కెమెరాతో రికార్డు చేసి పెట్టుకున్నాం. పావుగంటను తెరమీద అర సెకనుకు కుదించాం కాబట్టి ఆ సంగతిని తెర అడుగున చదవగలిగేంత పెద్ద అక్షరాలతో వేశాం. “అన్ని మరకలు” అని ఎక్కడా అనలేదు, “నూనె మరక” అనే అన్నాం. మీ క్లయింటు “అన్ని మరకలు” అనమని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. అలా అంటే నిరూపించాల్సింది పెరుగుతుంది, పైగా అన్ని మరకలకూ సరిపడే అజిటేషన్ ఏదీ లేదు.

యాడ్ టీవీకా, ఆన్‌లైన్‌కా అన్నది మీరు చెప్పలేదు. యూట్యూబ్‌లో దాటవేయగల యాడ్‌గా వేస్తే అయిదో సెకనుకు దాటవేసే బటన్ వస్తుంది. పైన రాసిన స్క్రిప్టులో అప్పటికి సీసా కనిపించనే లేదు. అలాంటప్పుడు అజిటేషన్‌ను ముందుకు లాగకండి. సీసాను మొదటి షాటు నుంచే వెనక అరమీద, మసగ్గా, దాని రంగు మాత్రం తెలిసేలా ఉంచండి. ఫోనులో చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు కాబట్టి “ఆరాక” అన్న మాట తెరమీద అక్షరాల్లో కూడా పడాలి. మిగతావి పడకపోయినా కథ తెలుస్తుంది, అది పడకపోతే తెలియదు.

మీ స్క్రిప్టులో మొదటి షాటు బాగుంది, అలాగే ఉంచండి. ఆఫీసు, అధికారి, ఇల్లు, మూడూ కొట్టేయండి. నాకు తొమ్మిది పది సెకన్లు మిగులుతాయనిపిస్తోంది. అందులో నాలుగు ఆరిన చొక్కా మీది మచ్చకు ఇచ్చి, మళ్లీ 15 దాటకుండా తళతళ భాగంలోంచి ఆ మేర కోసేయండి. క్లయింటు “భార్య పాత్ర ఏదీ?” అని అడిగితే ఇస్త్రీపెట్టె పట్టుకున్న చెయ్యి భర్తదని చెప్పండి.